ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో మధ్యలో దారి తప్పితే

రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు. కాబట్టి మొదలవకముందే ఇవి చూసుకోండి.

- ప్రశ్నలు చదువుకునే ఆ కొద్ది సెకన్లలో, ఒక్కో ప్రశ్నలో మార్చి చెప్పడానికి వీల్లేని మాట కింద గీత గీయండి: పేరు, ఊరు, ఏడాది.

- కన్ను ఎప్పుడూ రెండు మూడు ప్రశ్నల మీద ఉండాలి. జవాబులు ప్రశ్నల వరుసలోనే వస్తాయి. నాలుగో పార్ట్‌లో మీరింకా 33 కోసం వింటున్నారు, 34లో "1950", 35లో "జపాన్" ఉన్నాయనుకోండి. జపాన్ గురించి చెబుతున్నారంటే 33, 34 రెండూ దాటిపోయినట్టే. పెన్సిల్ వెంటనే 35 మీద పెట్టండి. పోయినదాన్ని గుర్తు చేసుకుంటూ కూర్చుంటే ఇదీ పోతుంది, నిజంగా బాధపడాల్సింది దానికే.

- ఏదీ అందకపోతే "నెక్స్ట్", "ఫైనల్లీ" లాంటి మలుపు మాట కోసం ఆగండి.

- తప్పు జవాబుకు మార్కులు కోయరు. వదిలేసినవి చివర్లో ఊహించి రాయండి.