షోరీల్ చూస్తారు, పిలవరు: సౌండ్ ఇంజనీర్ బయోలో సమస్య - పరిష్కారం

సమస్య ఇలా ఉంటుంది. బయోలో మీ పరిచయం, వాడే సాఫ్ట్‌వేర్లు, చేసిన ప్రాజెక్టుల రకాలు, చివర షోరీల్ లింకు అన్నీ ఉంటాయి. దర్శకులకు పంపుతారు. కొందరు సమాధానమే ఇవ్వరు, కొందరు "విజువల్స్ బాగున్నాయి" అని ఊరుకుంటారు. సౌండ్ పని కోసం పంపిన రీల్‌కు ఆ మాట వచ్చిందంటే శబ్దం వారిదాకా చేరలేదని అనుమానించాలి.

అన్నిటికన్నా ముందు ఇన్‌కాగ్నిటో విండోలో, వీలైతే మరొకరి ఫోన్‌లో, మీ లింకును తెరిచి చూడండి. గూగుల్ డ్రైవ్ లింకు మీ ఖాతాలో ఎప్పుడూ తెరుచుకుంటుంది. షేరింగ్ `Restricted` అని ఉంటే అవతలివారికి అనుమతి కోరే పేజీ మాత్రమే కనబడుతుంది, అనుమతి అడిగి ఎదురుచూసే తీరిక నిర్మాతలకు ఉండదు. దాన్ని `Anyone with the link` అని మార్చాలి. అరనిమిషం పట్టే ఈ పరీక్ష చేయకుండానే బయోలోని వాక్యాలను పదిసార్లు తిరగరాసే వారిని ఎందరినో చూశాను. దయచేసి ముందు ఇది చేయండి.

లింకు సరిగానే ఉన్నా ఫలితం లేకపోతే, నన్ను స్వయంగా దెబ్బతీసిన కారణం ఒకటుంది. నా రీల్‌లో 0:38 దగ్గర, వారపు సంతలో ఒక పెద్దావిడ మాట్లాడే డాక్యుమెంటరీ దృశ్యం ఉండేది. నా హెడ్‌ఫోన్స్‌లో ఆమె గొంతు, వెనుక బేరాల సందడి చక్కగా వినిపించేవి. ఒక దర్శకుడు దానిని ఒకే స్పీకరున్న ఫోన్‌లో విని, పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదని చెప్పారు. నిజంగానే తరువాత కలిపిన సంగీతం మాత్రమే మిగిలింది.

కారణం కేబుల్. ఆ దృశ్యానికి నేను వాడింది మిక్సర్ నుంచి కెమెరాకు వెళ్లిన ఆడియో. మిక్సర్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్ 2వ పిన్ మీద సిగ్నల్, 3వ పిన్ మీద అదే సిగ్నల్ తలకిందులుగా ఉంటాయి. కెమెరా 3.5 మి.మీ. సాకెట్ స్టీరియో కాబట్టి, ఆ రెండు పిన్నులనూ నేరుగా దాని రెండు చానల్స్‌కు కలిపే కేబుల్ పెడితే 2వ పిన్ ఎడమ చానల్‌గా, 3వది కుడి చానల్‌గా రికార్డవుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఒక్కో చెవికి ఒక్కో చానల్ చేరుతుంది కనుక గొంతు కాస్త తల చుట్టూ పరుచుకున్నట్టు అనిపిస్తుందే తప్ప లోపమని తోచదు. మోనో స్పీకరులో రెండు చానల్స్ కలిసేసరికి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. రెండూ సరిగ్గా సమానం కాకపోతే, డబ్బాలోంచి వచ్చినట్టు పలుచని శబ్దం మిగులుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో `Mono audio` ఆన్ చేసి హెడ్‌ఫోన్స్‌తో రీల్ మొత్తం వినండి. కంప్యూటర్‌లోనైతే ఈ ఆదేశం మోనో ఫైలు చేసి ఇస్తుంది:

```
ffmpeg -i reel.mp4 -vn -ac 1 mono.wav
```

మాట ఎక్కడ మాయమైతే అక్కడే దోషం. మీ సాఫ్ట్‌వేర్‌లో కోరిలేషన్ మీటర్ ఉంటే, ఆ చోట ముల్లు సున్నా దాటి -1 వైపు వాలుతుంది.

సరిచేయడం తేలికే. ఆ క్లిప్‌లో కుడి చానల్‌ను తీసివేసి ఎడమ చానల్‌నే రెండు వైపులా పెట్టండి. ఒక మైకుతో తీసిన గొంతుకు ఇంతకన్నా అక్కర లేదు. మిక్స్ మొత్తం మీద ఇలా చేయవద్దు, సంగీతంలోని అసలైన స్టీరియో పోతుంది. స్టీరియోను వెడల్పు చేసే ప్లగిన్ వల్ల మాట పలుచబడితే, దానిని డైలాగ్ ట్రాక్ మీదనుంచి తీసివేయడమే మార్గం.

యూట్యూబ్‌లో పెట్టిన వీడియో కాపీరైట్ వల్ల కొన్ని దేశాల్లో ఆగిపోవచ్చు కూడా. ఆ సంగతి యూట్యూబ్ స్టూడియోలో కనబడుతుంది.

ఇక్కడ చాలామంది మరచిపోయేది ఒకటుంది. యూట్యూబ్‌లో లింకు మారకుండా ఫైలును మార్చడం కుదరదు. సరిచేసిన రీల్‌కు కొత్త లింకు వస్తుంది కనుక బయోలో, పీడీఎఫ్ రెజ్యూమేలో, ఇతర ప్రొఫైళ్లలో పాతదాన్ని మార్చాలి. డ్రైవ్‌లోనైతే `Manage versions` ద్వారా అదే లింకు కింద కొత్త ఫైలు పెట్టవచ్చు. లింకు మార్చేటప్పుడే దాని పక్కనున్న వాక్యాన్నీ సరిచూడండి. "ప్రో టూల్స్, రీపర్, డాక్యుమెంటరీలు, లఘుచిత్రాలు" అని వరుసగా పేర్చితే రీల్‌లో మీ పని ఏదో తెలియదు. నేను ఇప్పుడు ఇలా రాస్తున్నాను: "0:38 సంత దృశ్యం: లొకేషన్ రికార్డింగ్, డైలాగ్ ఎడిటింగ్ నావి, రీపర్‌లో చేశాను, సంగీతం, తుది మిక్సింగ్ వేరొకరివి."