అద్దెల లెక్క, 4వ పాఠం: తోకలో రెండు అంకెలు

పోయిన పాఠంలో, ఆటోపే పెట్టేటప్పుడు గమనిక గడిలో పోర్షన్ నంబరు రాయించమన్నాను. చేసి చూసినవాళ్ళు విసుక్కుంటున్నారు. ఒకరి స్టేట్‌మెంట్‌లో ఆరు పోర్షన్లకూ ఆరుసార్లు ‘rent’ అనే ఉందట. ఇంకొకరికి బ్యాంకు మారేసరికి గమనిక సగం తెగిపోయి వచ్చింది. ఆ సలహా నాదే కాబట్టి తప్పూ నాదే. గమనికను ఇక నమ్మకండి. తెగకుండా, మారకుండా మన దాకా వచ్చేది ఒక్కటే, పడిన మొత్తం. గుర్తు అందులోనే పెట్టాలి.

ఆటోపే అంటే నా లెక్కలో, అద్దెకున్నవాళ్ళు తమ బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో పెట్టుకునే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. యూపీఐ ఆటోపేలో సాధారణంగా 15,000 దాటితే ప్రతి నెలా పిన్ కొట్టాల్సి వస్తుంది. అప్పుడది ఆటో ఎలా అవుతుంది? స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఎలా పెట్టాలో మళ్ళీ చెప్పను.

అద్దెను వందల్లో ఖరారు చేసి, దానికి రెండంకెల తోక తగిలించండి. చివరి అంకె పోర్షన్‌ది, దాని ముందు అంకె ఆ పోర్షన్‌లో ఎన్నో అద్దెదారో చెప్పేది. 4వ పోర్షన్‌లో మొదటివాళ్ళకు తోక 14. అద్దె 9,500 అయితే ఆటోపేలో 9,514 పెట్టాలి. ఆ పద్నాలుగు రూపాయలు ఎందుకండీ అని అడుగుతారు. నేనైతే నీళ్ళ బిల్లులో తగ్గిస్తాను. పైసల్లో పెట్టుకోవచ్చు కదా అంటారేమో, పైసలు నాకు నచ్చవు. చదివేటప్పుడు కన్ను జారిపోతుంది.

పోర్షన్ అంకె ఒక్కటి చాలదా అన్నారు కొందరు. చాలదు. నాకు జరిగింది వినండి. అప్పట్లో నా తోక ఒక్క అంకే, 4వ పోర్షన్ అద్దె 9,504. వాళ్ళు మే నెలాఖరుకు ఖాళీ చేశారు. జూన్‌లో కొత్తవాళ్ళు 10,004కు దిగారు. జూన్ 3న 9,504 పడింది. పంపినవాళ్ళ పేరు చూస్తే ఎవరో ఆడమనిషి. కొత్తాయన భార్య కాబోలు అనుకుని ఆయన ఖాతాలో రాసేసి, ఫోన్ చేసి ‘అయిదొందలు తక్కువేశారేంటండీ’ అన్నాను. ఆయన ‘నేనింకా వెయ్యనే లేదండీ’ అన్నారు. నేను నమ్మలేదు. ఇరవయ్యో తారీఖున పాతాయన ఫోన్ చేశాడు, ఇల్లు వదిలినా ఆటోపే ఆపడం మర్చిపోయాడట. ఆ పేరు ఆయన భార్యది.

ఇందులో తప్పులు రెండు. పేరును బట్టి జత చెయ్యడం ఒకటి. అద్దె ఎవరి ఖాతా నుంచైనా రావచ్చు, భార్యది, తమ్ముడిది, గదిలో ఉండే స్నేహితుడిది. రెండోది, మనిషి మారినా తోక మారకపోవడం. పాతవాళ్ళది 14, కొత్తవాళ్ళది 24 అయి ఉంటే 9,514 పడగానే నాకు తెలిసిపోయేది. ఆ ఆటోపేని మీరు గానీ మీ బ్యాంకు గానీ ఆపలేరు, పెట్టినవాళ్ళే రద్దు చెయ్యాలి. అందుకే రద్దు చేసిన స్క్రీన్‌షాట్ చూసేదాకా నేను అడ్వాన్స్ తిరిగివ్వను. పొరపాటున పడినదాన్ని, వచ్చిన ఖాతాకే వెనక్కి పంపండి, వేరే నంబరు చెప్పినా సరే.

తోక చెడేది ఎక్కువగా కరెంటు బిల్లు వల్ల. అద్దెతో కలిపి 340 వేస్తే 9,514 కాస్తా 9,854 అవుతుంది, తోక 54. అలాంటి మనిషే మీ ఇంట్లో లేడు! బిల్లులు విడిగా వెయ్యమనండి. అద్దె పెంచినప్పుడు మాత్రం వందల్లోనే పెంచండి, 10,014 అయినా తోక 14గానే ఉంటుంది. పెంచిన నెల పాత మొత్తమే పడితే, వాళ్ళు ఆటోపే మార్చలేదన్నమాట.

నెల స్టేట్‌మెంట్‌ను ఎక్సెల్‌లో దించుకుని, జమ మొత్తం C నిలువులో ఉంటే, D2లో ఇది కొట్టి కిందికి లాగండి:

```
=MOD(C2,100)
```

E నిలువులో ఏ నెల అద్దో చేత్తో రాయండి. పడిన తేదీని నమ్మవద్దు, కొందరు జూన్ అద్దె మే 31నే వేస్తారు. తర్వాత ఒక్కొక్క తోకకూ:

```
=COUNTIFS(D:D,14,E:E,"జూన్")
```

1 వస్తే పడింది. 2 వస్తే రెండుసార్లు పడింది. 0 వస్తే ఖాతాలో డబ్బు లేక ఆటోపే ఫెయిలై ఉండవచ్చు, ఆ సంగతి మీకు మెసేజ్ రాదు. నేను 3న పెట్టించి, 6న ఈ సున్నాలు మాత్రమే చూస్తాను. ‘మా ఖాతాలో కట్ అయింది’ అంటే ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు అడగండి, వాదన అక్కరలేదు.

అభ్యాసం: పోయిన ఆరు నెలల స్టేట్‌మెంట్ తీసి, పేర్ల నిలువు దాచేసి, మొత్తాలు మాత్రమే చూసి ఎవరిదేదో రాయండి. తర్వాత పేర్లు తెరిచి ఎన్ని తప్పాయో లెక్కపెట్టండి. తప్పినవాళ్ళకే ముందు తోకలు ఇవ్వండి.