చేపల పులుసు షార్ట్‌లో దాక కనపడాలి, కొలత కూడా కనపడాలి

కావలిలో మా పిన్ని చేపల పులుసు వండుతుంటే నేను ఫోన్‌లో తీసి, నెల్లూరు వచ్చాక ఎడిట్ చేశాను. 58 సెకన్ల షార్ట్. వంట బాగుంది, వెలుతురు బాగుంది. కొలతలన్నీ తెర మీద రాశాను, మిగతా రాతలతో కలిపి మొత్తం 17 చోట్ల. అయినా చూసినవాళ్ళు అడిగింది ఒకటే: "కారం ఎంత వేశారక్కా?" రాసి ఉన్నదాన్నే ఎందుకు అడుగుతున్నారో తెలుసుకోవడానికి వీడియోను ముక్కముక్కగా చూసుకున్నాను. దొరికిన తప్పులు ఇవి. వంట షార్ట్‌లు తీసేవాళ్ళలో చాలామందికి ఇవే ఎదురవుతాయి.

సమస్య: కొలత రాసే ఉంది, కానీ ఎవరూ చదవడం లేదు

కారం వేసే షాట్‌లో చెయ్యి కదులుతోంది, నూనె చిటపటలాడుతోంది. సరిగ్గా అదే క్షణంలో పైన ఎడమ మూలన "కారం 5 స్పూన్లు" అని వచ్చి, చెయ్యి తీయగానే పోయింది. చూసేవాళ్ళ కన్ను కదిలేదాని వెంటే పోతుంది. చెంచాను చూస్తున్న కన్ను మూలకు వెళ్ళి చదివి తిరిగి వచ్చేలోపు షాట్ అయిపోయింది. అక్షరం చిన్నదని కాదు, అది వచ్చిన సమయం, వచ్చిన చోటు తప్పు.

దీనికి చేయాల్సింది రెండు పనులు. మొదటిది, చెంచా దాక మీదికి రాకముందే, దాదాపు అర సెకను ముందే, కొలత కనపడాలి. చెయ్యి వెనక్కి వెళ్ళాక కూడా ఒక సెకను ఉండాలి. షాట్‌కు అంత నిడివి లేకపోతే చివరి ఫ్రేమును ఆపి సాగదీయండి, ఒక సెకను ఆగినట్టు ఎవరికీ తెలియదు. ఎంతసేపు ఉంచాలో తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతి ఇది: ఆ మాటను మామూలు వేగంతో రెండుసార్లు పైకి చదువుతాను. దానికి పట్టినంత సమయం ఉంచుతాను, ఎంత చిన్న మాటైనా రెండు సెకన్లకు తగ్గించను.

రెండోది, మాట చెంచాకు దగ్గర్లోనే ఉండాలి. పిన్ని కుడిచేత్తో వేస్తుంది కాబట్టి చెయ్యి కుడివైపు నుంచి వస్తుంది. దాక అంచుకు కాస్త పైన, మధ్యలో రాస్తే కన్ను ఎక్కువ దూరం పోనక్కర్లేదు. వీడియో మొత్తం కొలత అదే ఎత్తులో రావాలి. ఒకసారి పైన, ఒకసారి కింద వస్తే ప్రతిసారీ వెతుక్కోవాలి.

సమస్య: తెర నిండా రాతలే, దాక కనపడటం లేదు

నా 17 రాతల్ని కాగితం మీద రాసుకుని చూశాను. "నూనె వేయాలి", "ఉల్లిపాయలు వేయించాలి", "బాగా కలపాలి" లాంటివి ఎనిమిది ఉన్నాయి. అవన్నీ చూపిస్తూనే ఉన్నాం, పిన్ని చెబుతూనే ఉంది. మూడోసారి రాయడం దేనికి?

అందుకే ఇప్పుడు నాకు నేను పెట్టుకున్న నియమం: బొమ్మ చెప్పలేనిదే రాయాలి. బొమ్మలో తెలియనివి మూడే: ఎంత, ఎంతసేపు, ఎంత మంట మీద. నూనె పోస్తున్నారని కనపడుతుంది, ఎంత నూనె అన్నది కనపడదు. పులుసు మరుగుతోందని కనపడుతుంది, ఎన్ని నిమిషాలన్నది కనపడదు. క్రియాపదాలన్నీ గొంతుకు వదిలేసి, పేరూ అంకే మిగిల్చాను. "చింతపండును ఒక గ్లాసు నీళ్ళలో నానబెట్టుకోవాలి" అన్నది "చింతపండు 80 గ్రా." అయింది.

ఒక్క మినహాయింపు ఉంది. చేప ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, దాకను గుడ్డతో పట్టుకుని తిప్పాలి. చూపించినా కొత్తవాళ్ళు గరిటె పెట్టేస్తారు, ముక్క విరిగిపోతుంది. అక్కడ మాత్రం "గరిటె వద్దు" అని రాశాను. చేయకూడనిదాన్ని బొమ్మలో చూపించడం కష్టం కాబట్టి అది రాతకు తగిన చోటే.

ఇంకో కారణం షూటింగ్‌లోనే ఉంది. పైనుంచి ఫోన్ పెట్టి దాకను ఫ్రేము నిండా తీశాను. ఇక మాటకు చోటెక్కడ? ఎక్కడ రాసినా పులుసు మీదే పడుతుంది. రెండోసారి తీసేటప్పుడు ఫోన్‌ను ఇంకో జానెడు పైకి జరిపి, దాక ఫ్రేము మధ్య నుంచి కొంచెం కిందికి వచ్చేలా పెట్టాం. పై భాగంలో పొయ్యి గట్టు తప్ప ఏమీ లేదు. పోపుల పెట్టె, గుడ్డ, నీళ్ళ చెంబు అన్నీ తీసేశాం. మాటకు చోటు ఎడిటింగ్‌లో దొరకదు, తీసేటప్పుడే వదిలిపెట్టుకోవాలి.

సమస్య: ఎడిటింగ్‌లో కనపడిన మాట, అప్‌లోడ్ అయ్యాక దాగిపోయింది

షార్ట్ ఫ్రేము 1080 x 1920. అందులో అడుగున ఛానల్ పేరు, శీర్షిక వస్తాయి. కుడివైపు లైక్, కామెంట్, షేర్ బటన్లు నిలువుగా వస్తాయి. ఎడిటింగ్ యాప్‌లో ఇవేవీ ఉండవు, కాబట్టి ఖాళీ ఉందనుకుని అక్కడ రాసేస్తాం. నా "నీళ్ళు ½ లీటరు"లో "లీటరు" సరిగ్గా బటన్ల కిందికి పోయింది.

ఒక్కో యాప్‌కు ఈ బటన్ల చోటు కాస్త మారుతుంది. అందుకే అంకెలు బట్టీ పట్టడం కంటే ఇది చేయండి: ఏదైనా ఒక షార్ట్‌ను ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి, ఫోన్‌లో తెరిచి, స్క్రీన్‌షాట్ తీయండి. ఆ బొమ్మను ఎడిటింగ్ యాప్‌లో వీడియో మీద పొరగా పెట్టి, సగం పారదర్శకంగా చేయండి. బటన్లు ఎక్కడ పడతాయో కళ్ళముందే ఉంటుంది. మాటలన్నీ సర్దాక ఆ పొర తీసేయండి. నేను ఇలా చూసుకుని పైన సుమారు 250 పిక్సెళ్ళు, కుడివైపు 190, అడుగున దాదాపు నాలుగో వంతు వదిలేస్తున్నాను.

సమస్య: అక్షరాలు అలికినట్టున్నాయి, ఒత్తులు తెగిపోతున్నాయి

దీనికి మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. ఏదో ఎలా తెలుసుకోవాలో చెబుతాను.

ఎర్రటి పులుసు మీద ఎర్రటి లేదా నారింజ అక్షరాలు పెడితే, ఎడిటింగ్‌లో బాగున్నా అప్‌లోడ్ అయ్యాక అంచులు చెదిరిపోతాయి. మామూలు వీడియో ఫైలు వెలుగునీడల వివరాన్ని పూర్తిగా దాచుకుంటుంది కానీ, రంగు వివరాన్ని నాలుగో వంతే దాచుకుంటుంది. అందువల్ల చుట్టూ ఉన్నదానికి రంగులో మాత్రమే తేడా ఉన్న అక్షరం మసకబారుతుంది, వెలుగులో తేడా ఉన్న అక్షరం నిలుస్తుంది. తెల్ల అక్షరం, వెనక సగం పారదర్శకమైన నల్ల పట్టీ పెట్టండి. పట్టీ మాట వరకే ఉండాలి, తెర అడ్డంగా మొత్తం పరచొద్దు. ఫోన్‌ను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూస్తే తెలిసిపోతుంది: అప్పుడు కూడా మాట చదవగలిగితే బాగున్నట్టే.

అక్షరాల లోపలి గుండ్రాలు పూడిపోతే తప్పు మందమైన అవుట్‌లైన్‌ది. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే అవుట్‌లైన్ మన "ఠ", "థ"ల చుక్కల్ని, "ధ" కింది చిన్న గీతను మింగేస్తుంది. "ధనియాలు" కాస్తా "దనియాలు" అవుతుంది. అవుట్‌లైన్ తీసేసి పట్టీ మీదే ఆధారపడండి.

యాప్‌లో ఫాంట్ ఎన్నిసార్లు మార్చినా తెలుగు అక్షరం మారకపోతే, ఆ ఫాంట్‌లో తెలుగు లేదని అర్థం. ఫోన్ తన సొంత ఫాంట్‌ను దాని బదులు పెడుతోంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే Noto Sans Telugu గానీ Mandali గానీ దించుకుని యాప్‌లోకి చేర్చుకోండి. ఒత్తుల అడుగు తెగుతుంటే మాటను ఒక్క వరుసకే పరిమితం చేయండి. తప్పక రెండు వరుసలైతే వరుసల మధ్య దూరం పెంచండి. టైప్‌రైటర్ లాగా ఒక్కో అక్షరం వచ్చే యానిమేషన్ మాత్రం తెలుగుకు వాడకండి. "స్పూన్లు" అన్న మాట ముక్కలై, పొల్లులు విడిగా కనపడి, చదివేవాళ్ళు ఆగిపోతారు. మాట మొత్తం ఒకేసారి మెల్లగా తేలితే చాలు.

సమస్య: కొలత చదివారు, అయినా వంట చెడింది

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. ఒకావిడ మా వీడియో చూసి వండుకుని, కారం నోట్లో పెట్టుకోలేకపోయామని రాసింది. పిన్నిని అడిగాను.

"నీ స్పూను ఏది పిన్నీ?"

"పోపుల పెట్టెలోది అబ్బయా, ఇంకేది?"

అది టీ స్పూను. ఆవిడ వేసింది అన్నం తినే పెద్ద స్పూనుతో. టీ స్పూను 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను 15. "5 స్పూన్లు" అని నేను రాసినదాన్ని ఆవిడ మూడింతలు చేసింది, తప్పు నాది. ఇప్పుడు "టీ స్పూన్లు" అని పూర్తిగా రాస్తాను. "టీ.స్పూ", "టే.స్పూ" అని కుదిస్తే ఒక్క గుణింతంలోనే తేడా, చిన్న తెర మీద రెండూ ఒకటే. చోటు చాలకపోతే పదార్థం పేరు పై వరుసలో చిన్నగా, కొలత కింద పెద్దగా పెడతాను. ఉప్పును మాత్రం గ్రాముల్లోనే రాస్తాను. పిన్ని వాడేది కల్లుప్పు. అదే స్పూను నిండా మెత్తటి ఉప్పు పోస్తే బరువు ఎక్కువ తూగుతుంది.

మళ్ళీ చేసిన షార్ట్

రెండోసారి 17 రాతలు 10కి దిగాయి. మొదటి మూడు సెకన్లు ఉడుకుతున్న పులుసు మీద "చేప 1 కిలోకు" అన్న ఒక్క మాట. మిగతా కొలతలన్నీ దేనికి అన్నది దానితో తేలిపోయింది. తర్వాత చింతపండు 80 గ్రా., నూనె 6 టేబుల్ స్పూన్లు, నీళ్ళు ½ లీటరు. ఉప్పు, కారం, ధనియాల పొడి వెంటవెంటనే పడతాయి కాబట్టి అక్కడ చిక్కు వచ్చింది. మూడూ ఒకేసారి రాస్తే గుంపు, విడివిడిగా రాస్తే పరుగు. చివరికి దాకలో వేసే షాట్‌కు ముందు, మూడు చిన్న గిన్నెలు వరుసగా పెట్టి నాలుగు సెకన్ల షాట్ తీశాం. ఒక్కో గిన్నె పైన దాని కొలత. అది కదలని షాట్ కాబట్టి మూడు మాటలున్నా హాయిగా చదవొచ్చు. దాకలో వేసేటప్పుడు ఏమీ రాయలేదు. ఆ తర్వాత "మరిగాక 10 నిమిషాలు", "గరిటె వద్దు", ముక్కలు వేశాక "చిన్న మంట, 12 నిమిషాలు". మామిడికాయ ముక్కలు, మెంతి పొడి లాంటి మిగతా పట్టికంతా వివరణలో పెట్టాను.

కారం ఎంత అని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. కొత్తగా వస్తున్న ప్రశ్న వేరే: చింతపండు పాతదా, కొత్తదా అని. పాతదైతే పులుసు రంగు ముదురుతుంది, పిన్ని వాడేది అదే. బొమ్మలో నానిన చింతపండును చూసి ఆ తేడా ఎవరూ చెప్పలేరు. వచ్చే వీడియోలో ఆ మాట "పాత చింతపండు 80 గ్రా." అని రాబోతోంది.