లెక్కపెట్టని పనికి రెజ్యూమెలో అంకె వేయడం: సమస్య - పరిష్కారం

రెజ్యూమెలో ప్రతి పని పక్కనా ఒక అంకె ఉండాలని అందరూ చెప్తారు. చిన్న సంస్థల్లో చేసినవాళ్ళకు ఆ అంకె ఎక్కడ నుంచి వస్తుందో మాత్రం చెప్పరు. నేను అకౌంట్స్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేస్తుంటాను కాబట్టి ఆ రంగంలోని ఒక్క కేసే తీసుకుంటాను. విజయవాడలో ఎలక్ట్రికల్ సామాను డిస్ట్రిబ్యూటర్ దగ్గర మూడేళ్ళు అకౌంట్స్ చూసిన అమ్మాయి అనుకోండి. సప్లయర్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ నెలనెలా ఇచ్చే జీఎస్టీఆర్-2బి జాబితాను కొనుగోళ్ళ రిజిస్టర్‌తో సరిచూడటం, తేడా వస్తే సప్లయర్లకు ఫోన్లు చేయడం, పన్ను కట్టే రిటర్ను 3బికి లెక్కలు సిద్ధం చేయడం ఆమె పని. ఎన్ని బిల్లులు చూసింది, ఎన్ని రోజులు పట్టింది అన్నది అక్కడ ఎవరూ రాసి పెట్టలేదు.

సమస్య: "రీకన్సిలియేషన్ సామర్థ్యం 40 శాతం పెంచాను" అని రాశారు. "దేంట్లో 40 శాతం?" అని అడిగితే నోట మాట రాలేదు.

కారణం: శాతం చెప్పాలంటే ముందు ఎంతో, తర్వాత ఎంతో రెండూ తెలియాలి. ఇక్కడ రెండూ లేవు. నెట్‌లో దొరికిన నమూనాలోంచి 40 వచ్చి కూర్చుంది.

పరిష్కారం: శాతాన్ని పక్కన పెట్టి తేదీలు పట్టుకోండి. ఎన్ని గంటలు పట్టిందో మూడేళ్ళ తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఏ తేదీకి పని తెమిలేదో మాత్రం గుర్తుంటుంది. జీఎస్టీలో తేదీలు ముందే ఖాయమై ఉండటం మన అదృష్టం. 2బి 14న వస్తుంది, నెలవారీ 3బికి గడువు 20. పనంతా ఆ మధ్యలోనే జరగాలి. ఆ అమ్మాయిని ఇలా అడిగితే చాలు: "కొత్తలో ఎప్పటికి అయ్యేది?" ప్రింట్లు తీసి పెన్నుతో టిక్కులు పెట్టేవాళ్ళమనీ, 19 రాత్రి దాకా సాగేదనీ చెప్తుంది. తర్వాత ఎక్సెల్‌లో సప్లయర్ జీఎస్టీ నంబరూ బిల్లు నంబరూ కలిపి వెతికే పద్ధతి పెట్టింది. అప్పటి నుంచి 16 సాయంత్రానికి తేడాల జాబితా చేతికొచ్చేది. అంటే 5 రోజుల పని 2 రోజులైంది. దీన్ని 60 శాతం అని రాయొద్దు. "సుమారు 5 రోజుల నుంచి 2, 3 రోజులకు తగ్గింది" అని రాస్తే చాలు, ఎదుటివాళ్ళకు కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

గుర్తున్నది నిజమో కాదో కొంత వరకు తేల్చుకోవచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే `Search Taxpayer`లో పాత సంస్థ జీఎస్టీ నంబరు కొట్టి `Show Filing Table` నొక్కితే ఏ రిటర్ను ఏ తేదీన వేశారో కనిపిస్తుంది. మరీ పాతవి దొరక్కపోవచ్చు. దొరికినవి చూసి తొందరపడొద్దు కూడా. లెక్కలు 16కే తేలినా పన్ను కట్టే డబ్బు చేతికొచ్చే దాకా ఆగి, సరిగ్గా 20నే 3బి వేసే యజమానులు బోలెడంత మంది. ఫైలింగ్ తేదీ మారకపోతే "రిటర్నులు త్వరగా వేయించాను" అనొద్దు. జాబితా త్వరగా తయారైందని మాత్రమే అనండి.

ఎదుటి మనిషికి నమ్మకం కుదిరేది మాత్రం ఇంకో చోట. బిల్లు నంబరు పుస్తకాల్లో INV/0045 అని ఉండి 2బిలో 45 అని వస్తే ఎక్సెల్ దొరకలేదంటుంది. అలాంటివాటిని ఎలా కలిపారో రెండు ముక్కల్లో చెప్పగలిగితే, ఆ పని మీ చేతి మీదుగానే జరిగిందని నాలాంటివాళ్ళకు అర్థమైపోతుంది.

సమస్య: "నెలకు 1,000 బిల్లులు" అని రాశారు. ఆ సైజు దుకాణానికి అన్ని ఉంటాయా అని ఎదుటివాళ్ళు ముఖం చూశారు.

కారణం: పని ఎక్కువ అనిపించడం వేరు, లెక్క వేరు. సీజన్‌లో ఒక భారీ నెలను ఏడాది మొత్తానికీ పులిమేస్తారు.

పరిష్కారం: ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారుల్లో లెక్కేయండి. రోజుకు 10 నుంచి 15 కొనుగోలు బిల్లులు, నెలకు 25 పనిదినాలు అనుకుంటే 250 నుంచి 375. రెండో దారి బీరువాలో ఉంది. నెలకు రెండు బాక్స్ ఫైళ్ళు నిండేవి, ఒక్కోదాంట్లో దాదాపు 150 కాగితాలు, అంటే 300. రెండూ దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి కింది అంచు పట్టుకుని "నెలకు 250కి పైగా బిల్లులు" అని రాయొచ్చు. ఒక దారిలో 300, ఇంకో దారిలో 700 వస్తే ఏదో ఒకచోట పొరపాటు ఉంది. అది దొరికే దాకా అంకె వేయకపోవడమే మేలు. 312 లాంటి అంకె మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. లెక్కపెట్టి రాశారన్న అర్థం వస్తుంది, మీరు లెక్కపెట్టలేదు.

సమస్య: "₹18 లక్షల ఐటీసీ ఆదా చేశాను" అన్నారు. ఎదురుగా కూర్చున్న సీఏ నవ్వారు.

కారణం: ఐటీసీ అంటే కొనుగోళ్ళ మీద కట్టిన జీఎస్టీకి దొరికే క్రెడిట్. ఆ డబ్బు పోయేదీ కాదు, ఆమె ఒక్కతే తెచ్చిందీ కాదు. సప్లయర్ తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేయకపోతే ఆ బిల్లు మన 2బిలో కనబడదు, ఆ నెల క్రెడిట్ తీసుకోలేం. అతను వేశాక తర్వాతి 2బిలో వస్తుంది. అంటే మామూలుగా ఇది ఆలస్యమే, నష్టం కాదు. మామూలుగా తర్వాతి ఆర్థిక సంవత్సరం నవంబరు 30 దాటితేనే (వార్షిక రిటర్ను అంతకన్నా ముందు వేస్తే అప్పటికే) ఆ క్రెడిట్ చేజారుతుంది. పైగా మొండి సప్లయర్లకు ఓనరే ఫోన్ చేసి ఉంటారు.

పరిష్కారం: రూపాయలు తీసేసి, మీరు చేసిన పనికి సరిపోయే క్రియ పెట్టండి. "2బిలో రాని బిల్లుల జాబితా ప్రతి నెలా తయారు చేసి, సప్లయర్లను ఫాలోఅప్ చేశాను, నవంబరు గడువుకు ముందు పాతవన్నీ విడిగా సరిచూశాను." ఇది చదివిన సీఏకు విషయం తెలిసిన మనిషని తెలుస్తుంది. పాత సంస్థ రూపాయల లెక్కలు బయట పెట్టిన తలనొప్పీ ఉండదు. అంకె కోసం పాత టాలీ బ్యాకప్ ఇంట్లో తెరవడం అసలే కుదరదు, ఆ డేటా మీది కాదు.

సమస్య: పాత కొలీగ్ "అవును, అంతే" అన్నారు. రిఫరెన్స్ కాల్‌లో మాత్రం వేరే మాట చెప్పారు.

కారణం: "అన్నా, రెండ్రోజుల్లో అయిపోయేది కదా?" అని మీరే జవాబు అందించారు. మొహమాటానికి ఊఁ కొట్టారు.

పరిష్కారం: మీ అంకె చెప్పకుండా అడగండి. "అన్నా, అప్పట్లో 2బి పని ఏ తేదీకి తెమిలేది?" ఆయన 17 అంటే మీ 16ను 17 చేసుకోండి. రిఫరెన్స్‌గా ఆయన పేరే ఇస్తుంటే రాసిన వాక్యం కూడా ముందే చదివి వినిపించండి.

సమస్య: ఎంత తవ్వినా అంకె దొరకలేదు.

దొరకదు, కొన్ని పనులంతే. అంతకుముందు ఎలా ఉండేది, తర్వాత ఎలా అయింది అన్నది రాయండి: "ఏడాదికోసారి సరిచూసే సప్లయర్ లెడ్జర్లను ప్రతి మూడు నెలలకూ సరిచూసే పద్ధతికి మార్చాను."

అన్నీ అయ్యాక ఆ అమ్మాయి రెజ్యూమెలో మిగిలేది ఇంతే. ఇంగ్లీషులో రాసుకున్నా భావం ఇదే ఉండాలి: "నెలకు 250కి పైగా కొనుగోలు బిల్లులను (అంచనా) 2బితో సరిచూశాను. ఎక్సెల్ పద్ధతి పెట్టి ఆ పనిని సుమారు 5 రోజుల నుంచి 2, 3 రోజులకు తగ్గించాను." ఈ అంకె ఎలా వచ్చిందని అడిగితే తడుముకోనక్కర్లేదు: "అప్పట్లో ఎవరం నోట్ చేసుకోలేదు సార్. 2బి 14న వస్తుంది కదా, మొదట్లో 19 దాకా పట్టేది, తర్వాత 16, 17కల్లా జాబితా మా ఆడిటర్ గారికి పంపేదాన్ని. ఆ తేదీల్ని బట్టి చెప్తున్నాను."