పైన డబ్బాకి గీత లేదు, లోపల కన్సోల్ మూల పగిలింది: కొరియర్ ప్యాకింగ్‌లో ఎక్కడ తప్పుతున్నాం

విజయవాడలో నా రిపేరు బల్ల మీదికి గేమ్ కన్సోల్స్ ఎక్కువగా కొరియర్‌లోనే వస్తాయి. పంపేవాళ్లు ఫోన్‌లో ఒక జబ్బు చెబుతారు. డబ్బా విప్పి చూస్తే రెండు జబ్బులుంటాయి. రెండోది దారిలో అంటుకున్నది. దాని గురించే ఇది. కన్సోల్ ఆఫ్ చేయడం, ప్లగ్ పీకడం, సేవ్‌లు బ్యాకప్ తీసుకోవడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఒక్క మాట మాత్రం: ఆరెంజ్ లైటు వెలుగుతుంటే అది ఆఫ్ కాదు, రెస్ట్ మోడ్. పూర్తిగా ఆపాకే వైరు తీయండి.

ఇంతకుముందు డిస్క్ బాగానే తీసుకునేది, ఇప్పుడు గరగరమంటోంది

లోపల డిస్క్ ఉండిపోయింది. నూటికి తొంభై సార్లు ఇంతే.

"లేదన్నా, తీసేశాను, ఖాళీగానే ఉంది" అంటారు. నేను డ్రైవ్ విప్పి ఫొటో పంపుతాను. అవతల కాసేపు మౌనం. తర్వాత "అదా, తమ్ముడు పెట్టుంటాడు" అని జవాబు. జ్ఞాపకాన్ని నమ్మకండి, గేమ్ కేసుల్ని నమ్మండి. ఇంట్లో ఉన్న కేసులన్నీ తెరిచి చూడండి. ఏ కేసు ఖాళీగా ఉందో ఆ డిస్క్ కన్సోల్లో ఉన్నట్టే. రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు.

డ్రైవ్‌లో డిస్క్‌ని మధ్యలో అయస్కాంతంతో పనిచేసే చిన్న బిళ్ల పట్టుకుని ఉంటుంది. డబ్బా ఎక్కడైనా ధబీమని పడితే ఆ పట్టు వదిలిపోతుంది. అక్కడి నుంచి డిస్క్ లోపల వంకరగా ఇరుక్కుని రోలర్ని పాడుచేస్తుంది, లేదా దారంతా రాసుకుని తానే గీతలు పడుతుంది. గేమూ పోతుంది, డ్రైవూ పోతుంది.

కన్సోల్ ఆన్ అవుతుంటే ఎజెక్ట్ నొక్కితే సరిపోతుంది. అవ్వకపోతే పీఎస్4కి అడుగువైపు స్క్రూడ్రైవర్‌తో తిప్పి డిస్క్ బయటికి తెచ్చే స్క్రూ ఒకటుంటుంది. మోడల్‌ని బట్టి చోటు మారుతుంది కాబట్టి మీ మోడల్ మాన్యువల్ చూసుకోండి. డిస్క్ డ్రైవ్ ఉన్న ఎక్స్‌బాక్స్‌లకి పేపర్ క్లిప్ దూర్చే సన్నని రంధ్రం ఉంటుంది. ఇవేవీ కుదరకపోతే ఫోర్సెప్స్ పెట్టి లాగొద్దు. "లోపల డిస్క్ ఉంది" అని కాగితం మీద రాసి కన్సోల్‌తో పాటే పెట్టండి. తెలిస్తే ముందు దాని సంగతే చూస్తాం.

పంపేటప్పుడు టీవీలో బొమ్మ వచ్చేది, ఇప్పుడు రావట్లేదు

హెచ్‌డీఎంఐ కేబుల్ పీకకుండానే చుట్టేశారు. డబ్బా ఆ వైపు పడగానే ప్లగ్ లోపలికి తోసుకుపోయి పోర్ట్‌ని బోర్డు నుంచి ఊడగొడుతుంది. ఒక్కోసారి దాని కింది రాగి ప్యాడ్లు కూడా లేచిపోతాయి. పోర్ట్ మార్చడం మామూలు పనే. ప్యాడ్లు పోతే మాత్రం సన్నని తీగలతో జంపర్లు వేయాలి, ఖర్చు పెరుగుతుంది. "పోర్ట్ వదులుగా ఉంది, మీరే చూస్తారని కేబుల్ అలాగే ఉంచాను" అన్నవాళ్లూ ఉన్నారు. వదులు పోర్ట్‌కే ముందు దెబ్బ తగిలేది.

అన్నీ పీకండి: హెచ్‌డీఎంఐ, పవర్, లాన్, కంట్రోలర్ తాలూకు చిన్న యూఎస్‌బీ డాంగిల్ కూడా. మొదటి పీఎస్5కి అడుగున స్టాండ్ ఉంటే విప్పండి. దాని స్క్రూ పెట్టుకోవడానికి స్టాండ్‌లోనే చోటుంది. పీఎస్4, పీఎస్5లకి పవర్ సప్లై లోపలే ఉంటుంది కాబట్టి అడిగితే తప్ప పవర్ కేబుల్ పంపక్కర్లేదు. మొదటి తరం ఎక్స్‌బాక్స్ వన్‌కి బయట ఇటుకలాంటి అడాప్టర్ ఉంటుంది. దాన్ని కన్సోల్ పక్కన వదిలేస్తే డబ్బాలో మీరే సుత్తి పెట్టి పంపినట్టు. వేరే డబ్బాలో పెట్టండి, లేదా మధ్యలో గట్టి అట్ట అడ్డం పెట్టండి.

పైన డబ్బా కొత్తదిలా ఉంది, లోపల మూల పగిలింది

ఇది నన్ను చాలాకాలం తిప్పలు పెట్టింది. ఒకసారి నంద్యాల వైపు నుంచి ఒక పీఎస్5 వచ్చింది, డిస్క్ ఉన్న మొదటి మోడల్. డబ్బాకి సొట్ట లేదు, టేపు ఊడలేదు. పంపినాయన ప్యాకింగ్ వీడియో కూడా తీశాడు: మూడు చుట్లు బబుల్ ర్యాప్, కింద న్యూస్‌పేపర్ ఉండలు, పైన ఉండలు, మూత మూసి రెండు చేతులతో ఊపి "చూడండన్నా, చప్పుడే లేదు" అని చూపించాడు. నిజంగానే చప్పుడు లేదు. కానీ నేను విప్పేసరికి కన్సోల్ డబ్బా అడుగున కూర్చుని ఉంది. పైన నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ. కింది ఉండలు అప్పడాల్లా అణిగిపోయాయి. ఒక మూల పై ప్లేటు చీలింది, లోపల ఫ్యాన్ పక్కకి ఒరిగింది.

ఆయన వీడియో అబద్ధం కాదు. ప్యాక్ చేసిన నిమిషానికి అది గట్టిగానే ఉంది. న్యూస్‌పేపర్ ఉండ ఒక్కసారి నలిగిందంటే మళ్లీ పైకి లేవదు. ఆ పీఎస్5 బరువు 4.5 కిలోలు. బండిలో ఆరేడు గంటలు అదురుతూ ఉంటే ఆ బరువు కింది కాగితాన్ని మెల్లగా తొక్కేస్తుంది. పైన వేరే పార్సిళ్లు పడితే ఇంకా తొందరగా. బబుల్ ర్యాప్ కూడా అంతే. కన్సోల్‌ని సన్నని అంచు మీద నిలబెట్టి పెడితే బరువంతా ఆ గీతంత చోట పడి, బుడగలు ఒక్కొక్కటిగా గాలి వదులుతాయి. ఇలా ఖాళీ ఏర్పడ్డాక డబ్బా పడాల్సిన అవసరం కూడా లేదు. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి విసురుగా జరిపినా చాలు. డబ్బా ఆగుతుంది, కన్సోల్ ఆగదు. వెళ్లి లోపలి గోడకి కొట్టుకుంటుంది. అందుకే బయట గీత ఉండదు.

దీన్ని ముందే పట్టుకోవాలంటే ఊపి వినకండి, చేతితో చూడండి. డబ్బాని నున్నటి నేల మీద పెట్టి, రెండు అరచేతులతో పట్టుకుని, ఒక్క జానెడు పక్కకి తోసి టక్కున ఆపండి. అంతా ఒకటే ముద్దలా ఆగితే బాగుంది. డబ్బా ఆగిన అర క్షణానికి లోపలి బరువు వచ్చి అరచేతికి మెత్తగా తగిలితే కన్సోల్ కదులుతున్నట్టే. మెత్తని కాగితం మధ్య కదిలేది చెవికి వినపడదు, చేతికి తెలుస్తుంది.

ఈ పరీక్ష ప్యాక్ చేసిన వెంటనే కాదు, మర్నాడు చేయాలి. రాత్రే ప్యాక్ చేసి, మూత మీద తేలిక టేపు ముక్క ఒకటి వేసి, పైన పది కిలోల బియ్యం సంచి పెట్టి పడుకోండి. పొద్దున తోసి ఆపి చూడండి, మూత తెరిచి చూడండి. పైన వేలు దూరుతోందంటే మీ కాగితం అణిగింది. దారిలో అవ్వాల్సింది ఇంట్లోనే అయిపోయిందన్నమాట.

కాగితం బదులు ఏం పెట్టాలంటే, టీవీలు, ఫ్రిజ్‌ల ప్యాకింగ్‌లో వచ్చే తెల్లని మెత్తటి ఫోమ్ దిమ్మలు దొరికితే అవే పెట్టండి. నొక్కితే అణిగి, వదిలితే లేస్తాయి. దొరక్కపోతే పాత అట్టపెట్టెల్ని నిలువు పట్టీలుగా కోసి, హార్మోనియం తిత్తిలా మడిచి, మడతలు విచ్చుకోకుండా టేపు చుట్టి దిమ్మలు చేయండి. కన్సోల్ ఎనిమిది మూలలకీ ఒక్కో దిమ్మ ఆనాలి, మధ్యలో ఖాళీలు నింపడానికి మాత్రమే కాగితం. కన్సోల్‌ని పడుకోబెట్టి, వెడల్పు వైపు కిందికి ఉండేలా పెట్టండి. కంపెనీ డబ్బా దాచిపెట్టి ఉంటే అందులోని అచ్చు అట్టలతో సహా పెట్టి, దాన్ని ఇంకో పెద్ద డబ్బాలో దింపండి. దాన్ని ఒంటరిగా పంపొద్దు. మీద బొమ్మ చూసి లోపలేముందో అందరికీ తెలుస్తుంది.

బయటి డబ్బా 5 ప్లై, అంటే ఐదు పొరల అట్టది ఉండాలి, చుట్టూ కనీసం 5-6 సెంటీమీటర్ల చోటు ఉండాలి. ఇక్కడే అందరూ కక్కుర్తి పడతారు, దానికీ కారణం ఉంది. చాలా కొరియర్లు డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. వచ్చిన అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే డబ్బులు. మొదటి పీఎస్5 సుమారు 39 × 26 × 10.4. చుట్టూ 6 కలిపితే డబ్బా 51 × 38 × 23 అవుతుంది, అంటే దాదాపు 9 కిలోల లెక్క. కాటా మీద పెడితే ఆరు కిలోలు కూడా ఉండదు. ఆ మూడు కిలోల చార్జీ మిగుల్చుకోవడానికే బిగుతు డబ్బా తీసుకుంటారు. నంద్యాలాయన కట్టిన రిపేరు బిల్లు దానికి ఎన్నో రెట్లు.

మిగతావి

థర్మోకోల్‌ని విరిచి పోస్తే ఆ గింజలు ఫ్యాన్‌లోకి దూరతాయి. కన్సోల్‌ని ముందు శుభ్రమైన పాలిథిన్ కవర్‌లో పెడితే ఆ గోల ఉండదు, వాన తడి కూడా పట్టదు. టేపు మాత్రం కన్సోల్ ఒంటికి నేరుగా అంటించొద్దు. బబుల్ ర్యాప్ స్టాటిక్‌తో బోర్డు పోతుందని కొందరు భయపడతారు. మూత విప్పని కన్సోల్‌కి అలా జరగడం నేనైతే చూడలేదు. ఫ్రాజైల్ స్టిక్కర్ అతికించుకోండి, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. సీరియల్ నంబర్ ఫొటో, ప్యాకింగ్ వీడియో క్లెయిమ్‌కి పనికొస్తాయి, పగలకుండా మాత్రం ఆపవు.

మూత మూసే ముందు పేరు, ఫోను, జబ్బు రాసిన కాగితం లోపల పెట్టండి. అట్ట దిమ్మల మీద పెన్నుతో "కింద ఎడమ", "పైన కుడి" అని రాయండి. రిపేరయ్యాక అదే డబ్బాలో తిరిగి పంపేది నేనో నా దగ్గర పనిచేసే కుర్రాడో. ఆ రాత లేకపోతే వాడు ఎక్కడ పట్టిందో అక్కడ కుక్కేస్తాడు.