ఫీడర్ ఫాల్ట్ తర్వాత మెగ్గర్ బాగానే ఉంది, మరి వైండింగ్?

సమస్య

సబ్‌స్టేషన్ దాటగానే 33 కెవి లైన్ మీద చెట్టు కొమ్మ విరిగిపడింది. ఫీడర్ ట్రిప్ అయింది. ఆటో రీక్లోజ్ అదే ఫాల్ట్ మీద మళ్లీ చార్జ్ చేసింది, మళ్లీ ట్రిప్. ఆ రెండుసార్లూ ఫాల్ట్ కరెంట్ 132/33 కెవి ట్రాన్స్‌ఫార్మర్ గుండానే వెళ్లింది. బుకోల్జ్ రిలేలో గ్యాస్ లేదు, మెగ్గర్ రీడింగ్ బాగుంది, రేషియో సరిగ్గా ఉంది. ఒక్కటే అనుమానం: హమ్ మునుపటి కంటే గరగరలాడుతోంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. మెగ్గర్ ఇన్సులేషన్ తెగిందో లేదో చెబుతుంది, కాయిల్ సొట్టబోయిందో లేదో చెప్పదు. కాగితం చిరగకుండా రాగి వంగితే దానికి కనిపించదు.

లోపల ఏం జరిగింది

ఒక 31.5 ఎంవిఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకుందాం, ఇంపీడెన్స్ 12.5 శాతం. ఎల్‌వి వైపు ఫుల్ లోడ్ కరెంట్ సుమారు 550 ఆంపియర్లు. గ్రిడ్ చాలా బలంగా ఉందనుకుంటే, దగ్గరలో మూడు ఫేజులూ కలిసినప్పుడు అది 4,400కి చేరుతుంది. మొదటి అర సైకిల్లో డీసీ భాగం కూడా కలవడంతో శిఖరం 11,200 దాకా వెళ్లొచ్చు. మామూలు శిఖరం 780. అంటే కరెంట్ 14 రెట్లు. బలం కరెంట్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి కాయిల్ మీద పడే దెబ్బ సుమారు 200 రెట్లు.

ఆ శిఖరం దాదాపు 10 మిల్లీసెకన్లలో వస్తుంది. రిలే, బ్రేకర్ ఎంత చురుకైనవైనా అంతలోపు తెరుచుకోలేవు. ప్రొటెక్షన్ తర్వాతి దెబ్బల సంఖ్యను, వేడిని తగ్గిస్తుంది తప్ప మొదటి దెబ్బను ఆపదు. దాన్ని కాయిల్ కట్టుబడే తట్టుకోవాలి.

బలం రెండు దిక్కుల్లో పనిచేస్తుంది. మొదటిది అడ్డ బలం: బయట ఉండే హెచ్‌వి కాయిల్‌ను బయటికి సాగదీస్తుంది, కోర్ పక్కనున్న ఎల్‌వి కాయిల్‌ను లోపలికి నొక్కుతుంది. రాగి సాగుడును బాగానే ఓర్చుకుంటుంది. నొక్కుడుకు మాత్రం, చేత్తో పిసికిన రేకు డబ్బాలా, లోపల ఆసరా లేనిచోట కుంగిపోతుంది. అందుకే ఎక్కువగా సొట్టబోయేది ఎల్‌వి కాయిలే.

రెండోది నిలువు బలం. రెండు కాయిల్స్ ఎత్తులో కొద్ది మిల్లీమీటర్లు తేడా వచ్చినా ఒకటి పై యోక్ వైపు, మరొకటి కింది యోక్ వైపు తోసుకుంటాయి. జరిగిన కొద్దీ తేడా పెరుగుతుంది, తేడా పెరిగిన కొద్దీ తోపు పెరుగుతుంది. దీన్ని ఆపేది క్లాంపింగ్ ఒక్కటే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ప్రెస్‌బోర్డ్ కుంచించుకుపోయి ఆ బిగువు సడలుతుంది. సడలిన కాయిల్ ఫాల్ట్ సమయంలో సెకనుకు 100 సార్లు ఎగిరి కొట్టుకుంటుంది, స్పేసర్లు జారిపోతాయి.

ఎలా తేల్చుకోవాలి

మొదట ఫేజుల వారీగా లీకేజీ రియాక్టెన్స్ కొలిచి, అదే ట్యాప్ మీద పాత రీడింగ్‌తో పోల్చండి. రెండు ఫేజులు 12.5 దగ్గరే ఉండి మూడోది 12.9 చూపితే తేడా 3.2 శాతం. 100 ఎంవిఏ వరకు గుండ్రటి కాయిల్స్‌కు షార్ట్ సర్క్యూట్ టెస్ట్ తర్వాత ఐఈసీ 60076-5 అనుమతించే తేడా సాధారణంగా 2 శాతమే. ఎల్‌వి లోపలికి కుంగితే రెండు కాయిల్స్ మధ్య సందు పెరుగుతుంది, రియాక్టెన్స్ కూడా పెరుగుతుంది.

టాన్ డెల్టా కిట్‌తో ఎల్‌వి, భూమి మధ్య కెపాసిటెన్స్ చూడండి. కాయిల్ కోర్‌కు దగ్గరైతే అది పెరుగుతుంది. ఇది మూడు ఫేజులకూ కలిపి వచ్చే రీడింగ్ అని మరవకండి: మొత్తం 3 శాతం పెరిగిందంటే, దెబ్బ ఒకే ఫేజుకు తగిలితే ఆ ఫేజులో అది 9 శాతం. ఎస్‌ఎఫ్‌ఆర్‌ఏ పాత గ్రాఫ్ ఉంటే దానితోనూ పోల్చండి.

కాయిల్ వదులైనా ఇంకా కదలకపోతే ఈ మూడింటిలోనూ ఏమీ తేలకపోవచ్చు. అప్పుడు వయసు, ఫాల్టుల లెక్క, హమ్‌లో తేడా చూసి లోపల తనిఖీ చేయించడమే దారి.

పరిష్కారం

సొట్ట తేలితే మళ్లీ చార్జ్ చేయొద్దు. ఈసారి తట్టుకున్నా వచ్చే ఫాల్ట్‌కు టర్నులు తాకొచ్చు. సైట్‌లో సరిచేసే పని కాదు, రీవైండింగే. అప్పుడు కోర్‌కూ ఎల్‌వి కాయిల్‌కూ మధ్య సిలిండర్, నిలువు పట్టీలు సందు లేకుండా బిగుతుగా ఉండాలని, రాగి గట్టి రకం కావాలని అడగండి. రీవైండింగ్ కొటేషన్లలో ఈ మాట అరుదుగా కనిపిస్తుంది, మనమే రాయించుకోవాలి.

వదులు మాత్రమే అయితే వర్క్‌షాప్‌లో యాక్టివ్ పార్ట్‌ను ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టాకే బిగించాలి. తడి ప్రెస్‌బోర్డ్‌ను బిగిస్తే అది ఆరాక మళ్లీ కుంచించుకుపోయి, చేసిన పనంతా వృథా అవుతుంది. హైడ్రాలిక్ జాక్‌తో తయారీదారు చెప్పిన బలం వరకే నొక్కి, ఖాళీల్లో ప్యాకింగ్ పెట్టి, క్లాంపింగ్ స్క్రూలు లాక్ చేయాలి. అందాజాగా స్పానర్‌తో తిప్పితే ఒక ఫేజు బిగుతుగా, పక్క ఫేజు వదులుగా మిగులుతాయి.

తిరిగి చార్జ్ చేసే ముందు మూడు టెస్టులూ చేయించి, ఆ రీడింగులు ఫైల్లో పెట్టండి. ఆ ఫీడర్‌కు దగ్గరి ఫాల్టుల మీద ఆటో రీక్లోజ్‌ను బ్లాక్ చేయించండి.