వానలు మొదలయ్యేలోపు వాట్సాప్ బ్యాకప్ డేట్ ఎక్కడ ఆగిందో చూసుకోండి

చెన్నైలో ఉండే మనవాళ్లందరికీ తెలిసిందే, దీపావళి దాటితే ఎప్పుడు ఏ వాయుగుండం వస్తుందో చెప్పలేం. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ పోతూ పోతూ బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ అంతకుముందే వేళచ్చేరి, పళ్ళికరణై వైపు ఇళ్లల్లోకి నీళ్లు తెచ్చి పెట్టింది. ఆ రెండు మూడు రోజులు కరెంట్ లేదు, నెట్ లేదు, మా పిన్ని వాళ్లది గ్రౌండ్ ఫ్లోర్, మంచం మీద నుంచి ఫోన్ నీళ్లల్లో పడింది. రిచీ స్ట్రీట్‌లో ఒకతను బోర్డు ఆరబెట్టి చూస్తానని నాలుగు రోజులు ఉంచుకుని కాదని తిరిగిచ్చాడు. ఫోన్ పోతే పోయింది, కొత్తది కొనుక్కోవచ్చు, కానీ పిన్ని ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది, కస్టమర్ల అడ్రసులు, ఎవరికి ఎంత బాకీ అన్నీ ఆ చాట్లల్లోనే. పోయిన తాతయ్య పంపిన వాయిస్ మెసేజ్‌లు కూడా అందులోనే. అప్పుడు బ్యాకప్ ఉంది కాబట్టి అన్నీ తిరిగొచ్చాయి.

మొన్న అక్టోబర్ మొదట్లో వాళ్లింటికి వెళ్ళినప్పుడు ఎందుకో అనుమానం వచ్చి వాట్సాప్‌లో `Settings > Chats > Chat backup` తెరిచి చూస్తే లాస్ట్ బ్యాకప్ ఆగస్ట్ 19 అని ఉంది. "రోజూ రాత్రి అవుతుందనే కదరా అనుకుంటున్నా" అంది పిన్ని. అసలు చిక్కు అదే, బ్యాకప్ ఫెయిలైతే ఫోన్ గట్టిగా గోల చేయదు, ఎప్పుడో ఒక నోటిఫికేషన్ వస్తుంది, మనం దాన్ని పక్కకి తోసేస్తాం, పాత బ్యాకప్ అక్కడే ఉంటుంది కాబట్టి ఉందిలే అనుకుంటాం. ఈ రోజు ఫోన్ పోతే ఆగస్ట్ 19 వరకే తిరిగొస్తుంది, ఆ తర్వాతవన్నీ గల్లంతే. ఇంకో సంగతి, ఐదు నెలలకు పైగా అప్‌డేట్ కాని బ్యాకప్‌ని ఆటోమేటిక్‌గా తీసేసే అవకాశం కూడా ఉంది, కాబట్టి ఆ పాతదాన్ని కూడా నమ్ముకుని కూర్చోలేం.

ఇది ఎందుకు ఆగుతుందంటే, ఆండ్రాయిడ్‌లో ఇదివరకు వాట్సాప్ బ్యాకప్ గూగుల్ స్టోరేజీ లెక్కలోకి వచ్చేది కాదు, ఎంత పెద్దదైనా ఫ్రీనే. 2023 చివర్లో ఆ రూల్ మారుస్తున్నామని చెప్పి 2024లో అందరికీ లెక్కలోకి తెచ్చేశారు. అంటే ఫ్రీగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్, వాట్సాప్ బ్యాకప్ అన్నీ సర్దుకోవాలి. ఒకే గదిలో నలుగురు అద్దెకున్నట్టు, ఒకడు సామాను పెంచితే మిగతా ముగ్గురికీ చోటు ఉండదు. నిండిపోతే బ్యాకప్ ఒక్కటే కాదు, మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుంది. చాలామంది ఫోన్‌లో స్పేస్ ఖాళీ చేసి బ్యాకప్ ఇంకా అవ్వట్లేదేంటి అంటారు, ఫోన్ మెమరీ వేరు, ఈ 15 జీబీ వేరు, ఇక్కడ తగ్గిస్తే అక్కడ తగ్గదు. గూగుల్ ఫొటోస్‌లో `Free up space` అని ఒకటి ఉంటుంది చూడండి, అది మనకి కావాల్సినదానికి సరిగ్గా రివర్స్, ఫోన్‌లో కాపీ తీసేసి క్లౌడ్‌లోది ఉంచుతుంది. కోటా నిండిన రోజు దాని జోలికి పోకండి.

ముందు `one.google.com/storage` తెరిస్తే ఏది ఎంత తింటుందో కనబడుతుంది. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. పిన్ని ఫోన్‌లో రెండు గూగుల్ అకౌంట్లు ఉన్నాయి, నేను మెయిల్ వచ్చే అకౌంట్‌లో గంటసేపు కూర్చుని తెగ డిలీట్ చేశా, బ్యాకప్ మాత్రం కదల్లేదు. తీరా చూస్తే బ్యాకప్ పోయేది తమ్ముడు ఎప్పుడో పెట్టిచ్చిన రెండో అకౌంట్‌కి. కాబట్టి `Chat backup` పేజీలో కింద ఏ అకౌంట్ పేరు ఉందో మొదట చూసి అప్పుడు చెయ్యి పెట్టండి.

ఆ అకౌంట్ లెక్క ఇలా ఉంది: ఫొటోస్ 8.6, మెయిల్ 1.9, డ్రైవ్ 0.4, ఆగస్ట్ నాటి వాట్సాప్ బ్యాకప్ 4.0, మొత్తం 14.9 జీబీ. ఫోన్‌లో వాట్సాప్ ఏమో అప్పటికి 7.2 జీబీ అయింది, ఇక ఎట్లా పడుతుంది.

ఇప్పుడు డిలీట్ చేసే ముందు చెయ్యాల్సిన పని, దీన్ని మాత్రం దాటెయ్యకండి. ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి ఈ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి:

```
Android/media/com.whatsapp/WhatsApp
```

ఇందులో `Media`లో ఫొటోలు, వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి, `Databases`లో మెసేజ్‌లు ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ తెల్లవారుజామున రెండింటికి ఫోన్‌లోనే ఒక లోకల్ కాపీ రాసుకుంటుంది, కొన్ని రోజులవి ఉంచుతుంది, క్లౌడ్ పనిచేయకపోయినా అదే నంబర్‌తో కొత్త ఫోన్‌లో దాన్నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. నీళ్లల్లో ఫోన్ పడితే అదీ మునిగిపోతుంది కాబట్టే ల్యాప్‌టాప్‌లోకి, ఇంకా నయం ఒక పెన్‌డ్రైవ్‌లోకి వేసి పై ఫ్లోర్‌లో ఎవరింట్లోనో పెట్టండి. కాపీ అయ్యాక ఊరికే సైజ్ చూసి సరే అనుకోకండి, నాలుగైదు వీడియోలు, ఒకటో రెండో పాత వాయిస్ మెసేజ్‌లు నిజంగా ప్లే చేసి చూడండి. మేము తాతయ్య మెసేజే పెట్టాం. "అమ్మాయ్, నిమ్మకాయ పచ్చడి అయిపోయింది" అని ఏడు సెకన్లు. పిన్ని రెండుసార్లు వింది, నేను ఏం మాట్లాడలేదు.

తర్వాత ఖాళీ చేయడం, తేలికైనదాంతో మొదలుపెట్టాం. జీమెయిల్‌లో వెతికే చోట ఇది టైప్ చేస్తే పెద్ద అటాచ్‌మెంట్‌లున్న పాత మెయిల్స్ వస్తాయి:

```
has:attachment larger:10M older_than:2y
```

ఇల్లు, బ్యాంకు, ఇన్సూరెన్స్ కాగితాలు ఉంటే ముందు దించుకుని మిగతావి తీసేశాం, అక్కడ 1.1 జీబీ వచ్చింది.

అసలు సరుకంతా ఫొటోస్‌లో ఉంది. చూస్తే సగం పైగా కాలనీ గ్రూప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలు, ఎవరెవరో పంపిన వంటల వీడియోలు. ఫొటోస్ యాప్‌లో వాట్సాప్ ఫోల్డర్ కూడా బ్యాకప్ అయ్యేలా ఎప్పుడో ఆన్ చేశారు, అందుకని అదే వీడియో ఫొటోస్‌లో ఒకసారి, వాట్సాప్ బ్యాకప్‌లో ఇంకోసారి, రెండు చోట్లా చోటు తింటోంది. ఇది చాలా ఇళ్లల్లో ఉండే సంగతే, ఎవరూ గమనించరు. ఫొటోస్ సెట్టింగ్స్‌లో `Backup` లోపల `Back up device folders` దగ్గర వాట్సాప్ ఫోల్డర్లు ఆఫ్ చేశాం. ఆఫ్ చేస్తే ఇకముందు ఎక్కవు అంతే, ఇదివరకు ఎక్కినవి అక్కడే ఉంటాయి, వాటిని మనమే తీయాలి.

ఇక్కడే జారిపడేది. ఫొటోస్ యాప్‌లో బ్యాకప్ అయిన ఫొటోని డిలీట్ కొడితే క్లౌడ్‌లోనే కాదు ఫోన్‌లో కూడా పోతుంది. క్లౌడ్‌లోది తీస్తున్నా ఫోన్‌లోది ఉంటుందిలే అనుకుని పెళ్ళి ఫొటోలు పోగొట్టుకున్నవాళ్ళు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు. మేము ఫార్వర్డ్ వీడియోలే ఎంచి 3.2 జీబీ తీశాం, ఫోన్‌లో కూడా పోయినా ఏడ్చేవాళ్ళు లేరు, పైగా ల్యాప్‌టాప్‌లో కాపీ ఉంది.

డిలీట్ చేసినవన్నీ ముందు ట్రాష్‌లోకి పోతాయి, అక్కడున్నంతకాలం స్పేస్ తిరిగి రాదు. జీమెయిల్, డ్రైవ్ ట్రాష్ 30 రోజులకి దానంతటదే ఖాళీ అవుతుంది, ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు ఉంటాయి. వానలు అంతవరకు ఆగవు కాబట్టి చేత్తోనే ఖాళీ చెయ్యాలి, కానీ ల్యాప్‌టాప్ కాపీ తెరిచి చూసుకున్నాకే, ఎందుకంటే ట్రాష్ ఖాళీ చేశాక ఇక వెనక్కి రాదు. నంబర్ కూడా వెంటనే తగ్గకపోవచ్చు, ఒక్కోసారి ఒక రోజు పడుతుంది, కంగారుపడి ఇంకా ఇంకా డిలీట్ చేయకండి. మాకు మర్నాటికి 14.9 కాస్తా 10.6 అయింది.

ఇక వాట్సాప్‌లోనే `Settings > Storage and data > Manage storage` లోకి వెళ్తే 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి వేరువేరుగా చూపిస్తుంది, ఏ చాట్ ఎంత తింటుందో కూడా. కాలనీ గ్రూప్ ఒక్కటే 2.3 జీబీ మోస్తోంది. దాన్ని దులిపాక 7.2 కాస్తా 4.9 అయింది. చాట్‌ని మాత్రం డిలీట్ చేయలేదు, అందులోని మీడియానే తీశాం. `Include videos` ఆఫ్ చేస్తే బ్యాకప్ ఇంకా చిన్నదవుతుంది గానీ కొత్త ఫోన్‌లో వీడియోలు తిరిగి రావు, పిన్నికి మనవరాలి వీడియోలు కావాలి కాబట్టి ఆన్‌లోనే ఉంచాం. వాయిస్ మెసేజ్‌లని సైజ్ కోసం తీయడం దండగ, వందల మెసేజ్‌లు కలిపినా ఒక పెద్ద వీడియో అంత ఉండవు.

ఇవన్నీ చేసేటప్పుడు రెండు పనులు మాత్రం ఎవరు చెప్పినా చెయ్యొద్దు. స్పేస్ ఎక్కువ తింటోందని డ్రైవ్‌లోకి వెళ్ళి పాత వాట్సాప్ బ్యాకప్‌ని తీసేయడం ఒకటి, కొత్తది పూర్తయ్యేదాకా మనకున్న క్లౌడ్ కాపీ అదొక్కటే. సరిగ్గా లేదని వాట్సాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేయడం రెండోది, అప్పుడు తిరిగొచ్చేది ఆగస్ట్ 19 దాకానే కావచ్చు. బ్యాకప్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్ళు ఆ పాస్‌వర్డ్ లేదా 64 అంకెల కీ కాగితం మీద రాసుకోండి, అది పోతే వాట్సాప్ వాళ్ళు కూడా తెరిచివ్వలేరు.

ఐఫోన్ వాళ్ళకి ఫ్రీగా ఉండేది 5 జీబీనే, పైగా ఐక్లౌడ్‌లో బ్యాకప్ సైజుకి రెండింతలకు కాస్త ఎక్కువ, 2.05 రెట్లు ఖాళీ ఉండాలంటారు, అందుకే వాళ్ళకి ఇంకా ముందే ఆగుతుంది.

ఆ రాత్రి ఫోన్‌ని చార్జర్‌కి పెట్టి వైఫైలో `Back up` నొక్కాం, 4.9 జీబీ కదా, మెల్లగా పోయి పదకొండూ నలభైకి అయింది. డేట్ మారింది, సైజ్ 4.9 చూపించింది, అకౌంట్‌లో మొత్తం 11.5 దగ్గర ఆగింది, ఇంకో 3.5 జీబీ చోటుంది. పిన్ని అడిగింది, "మరి ఆ గ్రూప్‌లోంచి బయటికొచ్చేయనా?" అని. అక్కర్లేదు పిన్నీ, `Storage and data`లోనే మీడియా ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోల టిక్ తీసేస్తే నువ్వు నొక్కినవే దిగుతాయి అన్నా. తీసేసి ఫోన్ చేతికిచ్చా, ఆమె వెంటనే ఒక గుడ్ మార్నింగ్ వీడియో మీద నొక్కింది.